ఫొటోలో ముగ్గుకు మార్కులెలా?

సంక్రాంతి ముగ్గుల పోటీ అంటే ఒకప్పుడు న్యాయనిర్ణేతలు పొద్దున్నే వాకిలి వాకిలికీ తిరిగేవారు. ఇప్పుడు చాలా కాలనీల్లో ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే చాలు. సౌష్ఠవం, గీతల పొందిక, కొత్తదనం చూసి మార్కులు వేస్తారు. చిక్కల్లా ఒక్కటే. ఆ మార్కులు పడేది ముగ్గుకా, ఫొటోకా?

7 చుక్కలతో మొదలుపెట్టి, సందు చుక్క 4 వచ్చేదాకా పెట్టిన ముగ్గే తీసుకుందాం. 4, 5, 6, 7, 6, 5, 4... మొత్తం 37 చుక్కలు. వేసినావిడ అంచున నిలబడి ఫోన్ వంచి ఫొటో తీస్తే, కాళ్ల దగ్గరి 4 చుక్కల వరుస వెడల్పుగా, అవతలి 4 చుక్కల వరుస ఇరుకుగా పడుతుంది. చూసేవాళ్లకు ముగ్గే వంకర అనిపిస్తుంది. ఇది ఎవరి తప్పో పట్టుకోవచ్చు. వరుస వరుసకూ క్రమంగా ఇరుకవుతూ పోతే కెమెరా కోణం. పక్క రేకులన్నీ బాగుండి ఒక్క రేకే సన్నగిల్లితే చెయ్యి తప్పింది. కుర్చీ ఎక్కో, మేడమీద నుంచో, ముగ్గు నడిబొడ్డుకు సూటిగా పైనుంచి తీస్తే ఈ తగవే ఉండదు.

ఫొటోను అద్దంలోలా తిప్పి పోల్చడం మంచి పరీక్షే కానీ, మెలికల ముగ్గులకు అది అన్యాయం చేస్తుంది. కొన్ని మెలికలు ఒకే వైపు తిరుగుతాయి. తలుపు సగాల్లా కలవవు, పావు చుట్టు తిప్పితే మాత్రం అచ్చంగా కలుస్తాయి. అదీ సౌష్ఠవమే.

గీతల సంగతి ఫొటోను పెద్దది చేస్తేనే తెలుస్తుంది. చెయ్యి ఎత్తి మళ్లీ మొదలుపెట్టిన చోట పిండి ముద్దకడుతుంది. మెలికల ముగ్గులో గీత చుక్కను తాకకుండా చుట్టి రావాలి. ఎండ ముదిరాక తీస్తే తెల్లగీత వెలిసిపోతుంది, రంగులు నింపితే వంకరలు దాగిపోతాయి. అందుకే చుక్కలప్పుడొకటి, గీతలయ్యాక ఒకటి, రంగులయ్యాక ఒకటి, మూడు ఫొటోలు అడగడం మేలు. జల్లెడ అచ్చులు వాడారేమో కూడా బయటపడుతుంది.

కొత్తదనానికి చుక్కల లెక్క చూడకూడదు, అది అందరిదీ. పుస్తకంలో తామరకు రంగులు మార్చినంత మాత్రాన కొత్తదైపోదు. గూగుల్ లెన్స్‌లో వెతికితే కొన్ని కాపీలు దొరుకుతాయి. అమ్మమ్మ నోట్‌బుక్‌లోవి దొరకవు.

చివరికి మార్కుల కూడిక. మొదటి ముగ్గుకు ముగ్గురు 8, 8, 4 వేశారు, రెండోదానికి 7, 7, 9. మొత్తం 20, 23. ఇద్దరు మెచ్చిన ముగ్గు ఓడింది, ఒక్కరి పిసినారితనం వల్ల. మార్కులకు బదులు ఎవరి వరుస వాళ్లు వేసి ఆ స్థానాలు కూడితే మొదటిదానికి 4, రెండోదానికి 5. తక్కువ వచ్చిందే గెలుపు. ఏ పద్ధతైనా సరే, భోగికి ముందే గ్రూపులో పెట్టండి.