ఒక అంకె, రెండు భయాలు

సీడీఎస్ స్ప్రెడ్‌లో ఏముంటుంది? పాత ఒప్పందం విలువను ఎలా కడతారు?

2008 అక్టోబరులో ఒకే వారంలో రెండు వేలాలు జరిగాయి. సోమవారం, 6వ తేదీన అమెరికా గృహరుణ సంస్థ ఫానీ మే బాండ్లకు, శుక్రవారం, 10వ తేదీన లేమన్ బ్రదర్స్ బాండ్లకు. ఆ సంస్థల అప్పుల మీద క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్‌లు, అంటే సీడీఎస్ ఒప్పందాలు రాసుకున్నవాళ్లలో ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో తేల్చడానికే ఆ వేలాలు పెట్టారు. ఫానీ మే సీనియర్ బాండు వంద డాలర్లకు 91.51 పలికింది. లేమన్ బాండు 8.625 దగ్గర ఆగింది. ఒప్పందాల భాషలో రెండూ డిఫాల్టులే. కానీ ఫానీ మే మీద రక్షణ అమ్మినవాళ్లు వందకు 8.49 డాలర్లు ఇచ్చి బయటపడ్డారు. లేమన్ మీద అమ్మినవాళ్లకు 91.375 డాలర్ల చొప్పున చేతిచమురు వదిలింది.

సీడీఎస్ ధర వెనుక రెండు వేర్వేరు ప్రశ్నలు ఉంటాయని ఈ రెండు అంకెలు చెబుతాయి. అప్పు తీసుకున్న సంస్థ చేతులెత్తేస్తుందా అన్నది మొదటిది. ఎత్తేస్తే ఎంత దక్కుతుందన్నది రెండోది. మార్కెట్ మాత్రం ఈ రెండింటికీ కలిపి ఒకే అంకె చెబుతుంది. దాని పేరు స్ప్రెడ్.

స్ప్రెడ్ ఎలా పుడుతుంది

సీడీఎస్ ఇద్దరి మధ్య ఒప్పందం. రక్షణ కొన్నవారు ఏటా అసలు మీద ఇంత శాతం అని ప్రీమియం కడతారు. ఆ సంస్థ నిలబడి ఉన్నంతకాలం, లేదా గడువు ముగిసేదాకా ఈ చెల్లింపు సాగుతుంది. మధ్యలో సంస్థ అప్పు ఎగ్గొడితే ప్రీమియం అక్కడితో ఆగిపోతుంది. రక్షణ అమ్మినవారు అసలులో నష్టపోయిన భాగాన్ని చెల్లిస్తారు. చూడ్డానికి బీమాలాగే ఉన్నా, కొన్నవారి చేతిలో ఆ బాండు ఉండి తీరాలన్న నియమం లేదు.

ఇప్పుడు ఒకే స్థాయిలో ఉన్న వంద కంపెనీలను ఊహించుకోండి. ఒక్కోదాని మీద వంద డాలర్ల రక్షణ అమ్మారు. ఏడాదిలో నూటికి రెండు కూలుతాయని అంచనా. దీన్నే హజార్డ్ రేటు అంటారు, అంటే ఆ క్షణం దాకా బతికి ఉన్న సంస్థలు కూలే వేగం. కూలిన సంస్థ బాండుకు వందకు 40 దక్కుతుందనుకుందాం. అది రికవరీ రేటు. అప్పుడు ఒక్కో డిఫాల్టుకు నష్టం 60, రెండింటికి 120. ఈ 120 డాలర్లు వంద ఒప్పందాల ప్రీమియం నుంచే రావాలి కాబట్టి ఒక్కోదానికి 1.20 డాలర్లు పడుతుంది. స్ప్రెడ్ 1.2 శాతం, మార్కెట్ భాషలో 120 బేసిస్ పాయింట్లు.

రెండో ఏడాది 98 కంపెనీలే మిగులుతాయి. ప్రీమియం కట్టేవి తగ్గినట్టే కూలేవాటి సంఖ్యా అదే నిష్పత్తిలో తగ్గుతుంది. రేపటి డబ్బును నేటి విలువకు దించే వడ్డీ కూడా రెండు వైపులా ఒకేలా పడుతుంది. హజార్డ్ రేటు స్థిరంగా ఉండి, ప్రీమియం రోజువారీగా లెక్కకొస్తే కాలవ్యవధి, వడ్డీ రెండూ కొట్టుకుపోయి ఇంతే మిగులుతుంది:

స్ప్రెడ్ = హజార్డ్ రేటు × (1 − రికవరీ రేటు)

నిజం మార్కెట్‌లో ప్రీమియం మూడు నెలలకోసారి కడతారు. ఒక ఏడాదికి, మూడేళ్లకు, అయిదేళ్లకు స్ప్రెడ్‌లు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి ఒక్కో కాలానికి ఒక్కో హజార్డ్ రేటును వరుసగా రాబడతారు. అయినా పై సూత్రం చెప్పే జవాబు అసలు లెక్కకు చాలా దగ్గరలోనే ఉంటుంది.

అదే స్ప్రెడ్, వేరే జాతకం

చిక్కు వెనక్కి లెక్క కట్టేటప్పుడు వస్తుంది. మార్కెట్‌లో మనకు కనిపించేది స్ప్రెడ్ ఒక్కటే. ఒక కంపెనీ మీద నాలుగేళ్ల స్ప్రెడ్ 360 పాయింట్లు ఉందనుకుందాం. రికవరీ 40 శాతమైతే హజార్డ్ రేటు 3.6ను 0.6తో భాగించగా వచ్చే 6 శాతం. నాలుగేళ్లలో కూలే అవకాశం సుమారు 21 శాతం. రికవరీ 20 శాతమే అనుకుంటే హజార్డ్ రేటు 4.5 శాతానికి దిగి, ఆ అవకాశం 16 శాతం చిల్లరకు తగ్గుతుంది. రికవరీ 60 అనుకుంటే హజార్డ్ రేటు 9 శాతం, కూలే అవకాశం 30 శాతం. ధర మారలేదు. మనం అనుకున్న రికవరీని బట్టి అదే కంపెనీకి గండం దాదాపు రెట్టింపు అవుతోంది.

అందుకే మార్కెట్‌లో ఒక ఆనవాయితీ స్థిరపడింది. పెద్ద కంపెనీల సీనియర్ బాండ్లకు రికవరీ 40 శాతమని అందరూ ముందే ఒప్పుకుని లెక్క మొదలుపెడతారు. ఇది ఏ కంపెనీ గురించీ జోస్యం కాదు, అందరూ ఒకే లెక్కకు రావడానికి పెట్టుకున్న కట్టుబాటు. ఇలా రాబట్టిన హజార్డ్ రేటులో డిఫాల్ట్ అవకాశంతోపాటు, ఆ ముప్పును నెత్తిన వేసుకున్నందుకు అమ్మినవారు కోరే ప్రతిఫలం కూడా కలిసి ఉంటుంది. కాబట్టి సాధారణంగా అది చరిత్రలో కంపెనీలు నిజంగా కూలిన రేటు కన్నా ఎక్కువే ఉంటుంది.

చేతిలో ఉన్న ఒప్పందం ఎంత చేస్తుంది

ఒక ఫండ్ కోటి డాలర్ల మీద అయిదేళ్ల రక్షణను 120 పాయింట్లకు కొన్నదనుకుందాం. ఏడాది తిరిగింది, ఇంకా నాలుగేళ్లుంది. ఈలోగా కంపెనీ పరిస్థితి దిగజారి స్ప్రెడ్ 360కి ఎక్కింది. ఫండ్ చేతిలోని పాత కాగితానికి ఇప్పుడు విలువ పెరిగింది. ఎంత?

ఫండ్ ఈరోజే అదే కంపెనీ మీద నాలుగేళ్ల రక్షణను 360కి మరొకరికి అమ్మిందనుకోండి. కంపెనీ కూలితే ఒక చేత్తో వచ్చిన పరిహారం రెండో చేత్తో పోతుంది, ఆ లెక్క సరికి సరి. కూలనంతకాలం ఏటా 3,60,000 డాలర్లు వస్తాయి, 1,20,000 పోతాయి. మిగిలేది ఏటా 2,40,000.

నాలుగేళ్లకు 9.60 లక్షలు అనేస్తే అది తొందరపాటు. ఆ డబ్బు ఈరోజు చేతికి రాదు. వడ్డీ 4 శాతమనుకుని నేటి విలువకు దించితే 8.87 లక్షలవుతుంది. అదీ పూర్తి జవాబు కాదు. కంపెనీ రెండో ఏడాదే ఐపీ పెడితే రెండు ప్రీమియంలూ ఆగిపోయి ఆ మిగులూ ఆగుతుంది. అంటే ప్రతి చెల్లింపునూ కంపెనీ అప్పటిదాకా బతికి ఉండే అవకాశంతో కూడా గుణించాలి. రికవరీ 40 శాతం ప్రకారం హజార్డ్ రేటు 6. వడ్డీ 4తో కలిపితే కోత ఏటా 10 శాతం. ఆ కోతతో ఏటా ఒక డాలరు చొప్పున నాలుగేళ్లు వచ్చే డబ్బు నేటి విలువ:

(1 − e^(−0.10 × 4)) ÷ 0.10 = 3.297

దీన్ని రిస్కీ యాన్యుటీ అంటారు. దాన్ని 2.40 లక్షలతో గుణిస్తే 7.91 లక్షల డాలర్లు. ఒప్పందాన్ని ఈరోజు రద్దు చేసుకుంటే, లేదా మరొకరికి బదిలీ చేస్తే ఫండ్‌కు ముందుగా చేతికి రావలసిన మొత్తం ఇది. దీన్నే అప్‌ఫ్రంట్ విలువ అంటారు.

ఇందులో రికవరీ అంచనాను మార్చి చూడండి. 20 శాతం అంటే విలువ 8.14 లక్షలు, 60 శాతం అంటే 7.49 లక్షలు. కంపెనీ కూలే అవకాశం 16 నుంచి 30కి ఊగినా, విలువ 65 వేల డాలర్లే కదిలింది. కారణం స్పష్టం. ఏటా వచ్చే 2.40 లక్షలను నిర్ణయించింది మార్కెట్‌లో కనిపించే స్ప్రెడ్. రికవరీ అంచనా చెప్పేది ఆ ప్రవాహం ఎంతకాలం సాగుతుందన్నదే.

గండం దగ్గరపడ్డాక

ఈ నెమ్మది ఎప్పుడూ ఉండదు. అదే కంపెనీ మునిగే దశకు వచ్చి స్ప్రెడ్ 3,000 పాయింట్లకు, అంటే ఏటా 30 శాతానికి చేరిందనుకుందాం. రికవరీ 40 అయితే పాత ఒప్పందం విలువ 47 లక్షలు. రికవరీ 10 అయితే దాదాపు 60 లక్షలు. తేడా 12 లక్షలు దాటింది. ఇక్కడ రక్షణ విలువను నడిపేది కూలుతుందా లేదా అన్న ప్రశ్న కాదు, కూలాక ఏం మిగులుతుందన్నదే. అందుకే మునిగే కంపెనీల మీద డీలర్లు స్ప్రెడ్ చెప్పడం మానేసి, అసలులో ఇన్ని శాతం ముందే ఇవ్వాలని నేరుగా అప్‌ఫ్రంట్‌నే ధరగా చెబుతారు.

లేమన్ ఒప్పందాలకు 40 శాతం కట్టుబాటు ప్రకారం కోటికి 60 లక్షలు చాలు. వేలం తర్వాత కట్టాల్సి వచ్చింది 91,37,500 డాలర్లు. విశేషం ఏమిటంటే, ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన దివాలా పంపకాల్లో లేమన్ మాతృసంస్థ సీనియర్ బాండుదారులకు వందకు 40 డాలర్లకు పైనే దక్కింది. సీడీఎస్ లెక్కలో రికవరీ అంటే చివరికి చేతికొచ్చేది కాదు, డిఫాల్ట్ అయిన కొద్ది వారాలకు జరిగే వేలంలో బాండు పలికే ధర. అందరూ హడలిపోయి ఉన్న రోజుల ధర అది.

కొత్తదీ పాతదానిలాగే

2009 ఏప్రిల్ దాకా ఏ రోజు స్ప్రెడ్ ఎంతుంటే ఆ రోజు రాసుకునే ఒప్పందానికి అదే ప్రీమియం. ఒకే కంపెనీ మీద 120కి కొన్నదొకటి, 360కి అమ్మినదొకటి పక్కపక్కన పడి ఉండేవి. వాటిని కలిపి రద్దు చేయడం కుదిరేది కాదు, ఏటా మిగిలే ఆ తేడా మీద కంపెనీ కూలే ముప్పు వేలాడుతూనే ఉండేది. ఆ నెలలో అమెరికాలో కంపెనీల ఒప్పందాలకు ఏటా 100 లేదా 500 పాయింట్ల స్థిర కూపన్ పెట్టారు. కూపన్‌కూ స్ప్రెడ్‌కూ మధ్య తేడాను మొదటిరోజే అప్‌ఫ్రంట్‌గా చెల్లిస్తారు. మన 360 స్ప్రెడ్‌కు 100 కూపన్ ఎంచుకుంటే రక్షణ కొన్నవారు 8.57 లక్షలు ముందే కట్టాలి. 500 కూపన్ అయితే ఏటా 140 పాయింట్లు ఎక్కువ కడుతున్నట్టు, కాబట్టి అమ్మినవారే కొన్నవారికి 4.62 లక్షలు ఎదురిస్తారు. కూపన్, గడువు అందరికీ ఒకటే కావడంతో కొన్నదీ అమ్మినదీ పూర్తిగా చెల్లుకు చెల్లు అవుతాయి.

కాబట్టి ఫలానా సంస్థ సీడీఎస్ ఇన్ని పాయింట్లకు చేరింది, అది కూలే అవకాశం ఇంత శాతం అన్న వార్త చదివినప్పుడు మొదటి సగాన్ని నమ్మవచ్చు, అది మార్కెట్ ధర. రెండో సగాన్ని నమ్మే ముందు రికవరీ ఎంత అనుకున్నారో చూడాలి. అది రాయకపోతే ఆ శాతం వార్త రాసినవారి ఊహే.