ఫ్యూరోసెమైడ్ ఒకచోట, థయజైడ్ మరోచోట

ఫార్మకాలజీ పరీక్షల్లో తరచూ ఎదురయ్యే తరహా ప్రశ్న ఇది. కింది వాటిలో ఫ్యూరోసెమైడ్ వల్ల వచ్చి, థయజైడ్ వల్ల రానిది ఏది? ఆప్షన్లు నాలుగు: రక్తంలో పొటాషియం తగ్గడం, యూరిక్ యాసిడ్ పెరగడం, రక్తం క్షారగుణం వైపు జరగడం, మూత్రంలో కాల్షియం ఎక్కువగా పోవడం. జవాబు నాలుగోది. మొదటి మూడూ రెండు మందుల వల్లా వస్తాయి.

ఈ రెండు మందులూ మన ఇళ్ళలోకి ఎప్పుడో వచ్చేశాయి. గుండె బలహీనపడి కాళ్ళు వాచినవాళ్ళకు, ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడేవాళ్ళకు డాక్టర్లు రాసే నీరు లాగే మాత్ర ఎక్కువగా ఫ్యూరోసెమైడ్ లేదా టార్సెమైడ్. ఇవి లూప్ డైయూరెటిక్స్. బీపీ మాత్ర పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉందని అర్థం. క్లోర్‌థాలిడోన్, ఇండాపమైడ్ కూడా అలా పనిచేసేవే. రెండు రకాలూ మూత్రంలోకి ఉప్పును పంపిస్తాయి, ఉప్పు వెంట నీరు పోతుంది. అయినా ఒకటి కాల్షియాన్ని బయటికి తోస్తే, రెండోది ఒంట్లోనే ఆపుతుంది. మందు కిడ్నీలో ఏ చోట పట్టుకుంటుందో తెలిస్తే ఈ తేడాను బట్టీ పట్టనక్కర్లేదు.

మన రెండు కిడ్నీలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో కరిగి ఉన్న ఉప్పు లెక్కేస్తే కిలోన్నర దాకా తేలుతుంది. అదంతా మూత్రంలో పోతే మనిషి ఒక పూట కూడా బతకడు. అందుకే వడకట్టిన ద్రవం సన్నటి గొట్టాల్లోంచి పోతుండగా, గొట్టం గోడలోని కణాలు ఉప్పును తిరిగి లోపలికి లాగుతూ ఉంటాయి. మొదటి భాగంలోనే మూడింట రెండు వంతులు వెనక్కి వస్తుంది. తర్వాత గొట్టం కిడ్నీ లోతుల్లోకి దిగి, హెయిర్‌పిన్‌లా మలుపు తిరిగి పైకి వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త యాకబ్ హెన్లీ 1862లో వర్ణించిన ఈ మలుపే హెన్లీ లూప్. పైకి ఎక్కే దాని దళసరి భాగంలో పావు వంతు ఉప్పు వెనక్కి వస్తుంది. దాన్ని దాటాక, కిడ్నీ పైపొరలో ఉండే డిస్టల్ ట్యూబ్యూల్‌లో వెనక్కి వచ్చేది నూటికి అయిదారు పాళ్ళు మాత్రమే.

ఫ్యూరోసెమైడ్ పట్టుకునేది ఆ దళసరి భాగాన్ని, థయజైడ్ పట్టుకునేది డిస్టల్ ట్యూబ్యూల్‌ను. పావు వంతు ఉప్పును లాగే చోటును ఆపేస్తే, ఆ తర్వాతి భాగాలు అంత ఉప్పును అందుకోలేవు. ఫ్యూరోసెమైడ్ ఇంజెక్షన్ ఇచ్చిన కొద్దిసేపటికే మూత్రం ధారగా రావడానికి కారణం ఇదే. థయజైడ్‌కు అంత ఊపు లేదు కానీ పని రోజంతా సాగుతుంది. మామూలు బీపీకి డాక్టర్లు దాన్ని ఎంచుకోవడానికి ఇదొక కారణం. ఫ్యూరోసెమైడ్ ప్రభావం ఆరు గంటల్లో తగ్గిపోతుంది, మిగతా సమయంలో కిడ్నీ పోగొట్టుకున్న ఉప్పును తిరిగి కూడబెట్టుకుంటుంది.

ఇక కాల్షియం సంగతి. హెన్లీ లూప్ దళసరి భాగంలోని కణాలకు ఒక ప్రత్యేకమైన ద్వారం ఉంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్‌లను ఒకేసారి లోపలికి లాగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని NKCC2 అంటారు. లోపలికొచ్చిన పొటాషియంలో చాలా భాగం మరో రంధ్రం గుండా మళ్ళీ గొట్టంలోకే జారిపోతుంది. పొటాషియానికి ధనావేశం ఉంటుంది కాబట్టి అది వెనక్కి వెళ్ళినప్పుడల్లా గొట్టంలోని ద్రవం కొద్దిగా ధనావేశితమవుతుంది. కాల్షియం, మెగ్నీషియం కూడా ధనావేశం ఉన్నవే. ఒకే ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా! ఆ నెట్టుడుకు ఈ రెండూ కణాల మధ్య సందుల్లోంచి దూరి ఒంట్లోకి తిరిగొస్తాయి.

ఫ్యూరోసెమైడ్ ఆ ద్వారాన్ని మూసేస్తుంది. పొటాషియం లోపలికే రాదు కాబట్టి వెనక్కి జారేదీ ఉండదు. గొట్టంలో ధనావేశం పోతుంది, కాల్షియాన్ని నెట్టే శక్తి పోతుంది, అది మూత్రంలో కలిసి బయటికి పోతుంది. రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరిగినవాళ్ళకు ఒకప్పుడు సెలైన్‌తో పాటు ఫ్యూరోసెమైడ్ విరివిగా ఇచ్చింది ఈ గుణాన్ని నమ్మే. ఇప్పుడు అంతకన్నా మంచి మందులున్నాయి. అందుకే ఒంట్లో నీరు ఎక్కువైన రోగులకే దాన్ని పరిమితం చేస్తున్నారు.

థయజైడ్ పనిచేసే చోట ఈ ధనావేశం ఆట లేదు. అక్కడి ద్వారం సోడియాన్నీ క్లోరైడ్‌నూ మాత్రమే లాగుతుంది. దాన్ని మూస్తే కణంలో సోడియం తగ్గుతుంది. కణం వెనక వైపు, రక్తం దగ్గర, సోడియాన్ని తీసుకుని కాల్షియాన్ని బయటికి పంపే మరో ప్రోటీన్ ఉంది. కణంలో సోడియం తగ్గినప్పుడు అది ఇంకా చురుగ్గా పనిచేస్తుంది, కాల్షియం రక్తంలోకి చేరుతుంది. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా చెప్పే వివరణ ఇదే. కానీ డిస్టల్ ట్యూబ్యూల్‌లో కాల్షియం దారి లేకుండా చేసిన ఎలుకల్లోనూ థయజైడ్ మూత్రంలో కాల్షియాన్ని తగ్గించింది. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గడంతో గొట్టం మొదటి భాగం సోడియాన్ని మరింత ఆత్రంగా లాగుతుందనీ, కాల్షియం దాని వెంట వస్తుందనీ అప్పుడు తేలింది. రోజుల తరబడి మాత్ర వేసుకునేవాళ్ళలో ఈ రెండో కారణానికే బరువెక్కువ అని నా అభిప్రాయం.

విద్యార్థులు ఇక్కడే తడబడతారు. ఆప్షన్‌లో హైపర్‌కాల్సిమియా అని ఉంటే రక్తంలో కాల్షియం పెరగడం, హైపర్‌కాల్సియూరియా అని ఉంటే మూత్రంలో పెరగడం. థయజైడ్‌కు మొదటిది సరిపోతుంది, ఫ్యూరోసెమైడ్‌కు రెండోది. కంగారులో పదం చివరను చూడకుండా గీత పెట్టేస్తే మార్కు పోతుంది.

ఈ వివరణ నిజమేనని ప్రకృతి కూడా రెండు జబ్బుల రూపంలో చూపించింది. ఫ్రెడరిక్ బార్టర్ 1962లో, హిల్లెల్ గిటెల్‌మన్ 1966లో తమ సహచరులతో కలిసి వాటిని వర్ణించారు. రెండింటిలోనూ రక్తంలో పొటాషియం తక్కువ. అయితే గిటెల్‌మన్ సిండ్రోమ్‌లో మూత్రంలో కాల్షియం తక్కువగా ఉంటుంది, బార్టర్‌లో సాధారణంగా ఎక్కువగా ఉంటుంది. 1996లో యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లిఫ్టన్ బృందం జన్యువులను వెతికి తీసింది. బార్టర్‌లోని ఒక రకంలో చెడిపోయింది ఫ్యూరోసెమైడ్ మూసే ద్వారమే, గిటెల్‌మన్‌లో చెడిపోయింది థయజైడ్ మూసే ద్వారమే. పుట్టుకతోనే ఆ మందులు వేసుకున్నట్టు బతుకుతున్నారన్నమాట ఆ రోగులు.

పరీక్ష హాలుకన్నా వార్డులో ఎక్కువ భయపెట్టేది సోడియం. ఒక కేసు ఊహించుకుందాం. డెబ్బై రెండేళ్ళ పెద్దావిడ, బరువు 45 కిలోలు. రెండు వారాల క్రితం బీపీ మాత్ర మార్చి హెచ్ ఉన్న మాత్ర ఇచ్చారు. ఎండలు ముదిరాయని ఇంట్లోవాళ్ళు నీళ్ళు బాగా తాగిస్తున్నారు. ఆకలి లేదని ఆమె గంజి, మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. ఒకరోజు కూతురు ఆసుపత్రికి తీసుకొచ్చి, “రాత్రి నుంచి అమ్మ పొంతన లేకుండా మాట్లాడుతోందండీ, నడుస్తుంటే తూలుతోంది” అంటుంది. రక్తంలో సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి, ఆమెకు 116 ఉంది. రక్తం ఇంత పలచబడినప్పుడు ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ అదనపు నీటిని నీళ్ళలాంటి మూత్రంగా వదిలేయాలి, అంటే మూత్రం గాఢత 100 లోపు ఉండాలి. ఆమె మూత్రం గాఢత 420. నీరు ఒంట్లోనే ఆగిపోతోంది, ఉప్పు మాత్రం పోతూనే ఉంది.

ఎందుకిలా? మూత్రాన్ని చిక్కబరచడానికి కిడ్నీ లోతుల్లో ఉప్పగా ఉండే ప్రాంతం కావాలి. దాన్ని తయారుచేసేది హెన్లీ లూప్ దళసరి భాగం. థయజైడ్ పనిచేసేది పైపొరలో కాబట్టి ఆ ఉప్పు నిల్వ చెక్కు చెదరదు. శరీరం నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ను విడుదల చేస్తే కిడ్నీ ఎంత నీటినైనా వెనక్కి లాగగలదు. మరోవైపు, మూత్రాన్ని పలచబరిచే చివరి చోటు డిస్టల్ ట్యూబ్యూల్. దాన్నేమో థయజైడ్ మూసేసింది. పైగా తాగిన నీరు ఎక్కువ, తిన్న ఉప్పు తక్కువ.

ఫ్యూరోసెమైడ్ ఆ ఉప్పు నిల్వనే కరిగించేస్తుంది. హార్మోన్ ఎంత అరిచినా కిడ్నీ నీటిని అంతగా వెనక్కి లాగలేదు. దాని ప్రభావంలో వచ్చే మూత్రంలో సోడియం రక్తంలో ఉన్నదానికి దాదాపు సగమే, అంటే ఉప్పుకన్నా నీరే ఎక్కువగా పోతుంది. ఎంతో బలమైన మందు అయినా సోడియాన్ని ఇంత లోతుకు దించే విషయంలో బలహీనమైన థయజైడ్‌దే పైచేయి కావడం వెనక ఉన్న కారణం ఇది.

ఆ పెద్దావిడకు మొదట చేయాల్సింది థయజైడ్ ఆపడం. ప్రమాదం ఆ తర్వాత కూడా పొంచి ఉంటుంది. మందు ప్రభావం తగ్గగానే కిడ్నీ ఒక్కసారిగా పలచటి మూత్రాన్ని వదలడం మొదలుపెడుతుంది, సోడియం వేగంగా ఎగబాకుతుంది. రోజుకు ఎనిమిది అంకెలకు మించి పెరిగితే, ముఖ్యంగా పోషణ లేనివాళ్ళలో, మెదడు నరాల పైపొర దెబ్బతినే అవకాశం ఉంది. కాబట్టి 116 నుంచి 140కి ఒక్క రాత్రిలో చేర్చాలని చూడరు. కొన్ని గంటలకోసారి రక్తపరీక్ష చేసి, గంటగంటకూ మూత్రం ఎంత వస్తోందో కొలుస్తారు. మూత్రం ఉన్నట్టుండి ధారగా వస్తోందంటే సోడియం పరుగెత్తబోతోందని నర్సు వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.

పొటాషియం గురించి మాట్లాడుకునేది కొంచెమే. రెండు మందులూ సోడియాన్ని గొట్టం చివరికి ఎక్కువగా పంపుతాయి, అక్కడ ఆల్డోస్టెరాన్ హార్మోన్ సోడియాన్ని లాక్కుని బదులుగా పొటాషియాన్ని వదిలేయిస్తుంది. హైడ్రోజన్ కూడా అలాగే పోతుంది, రక్తం క్షారగుణం వైపు జరిగేది అందుకే. బలమైన మందే పొటాషియాన్ని ఎక్కువ పోగొడుతుందని అందరూ అనుకుంటారు. నిజానికి రోజంతా పనిచేసే క్లోర్‌థాలిడోన్ లాంటివి ఈ విషయంలో వెనకబడవు. పిక్కలు పట్టేయడం, నీరసం, గుండె దడ కనిపిస్తే సీరం ఎలక్ట్రోలైట్స్ పరీక్ష చేయించాలి.

ఇక రెండు మందులనూ కలిపి ఇచ్చే సందర్భం. నెలల తరబడి ఫ్యూరోసెమైడ్ వాడిన గుండె రోగిలో డిస్టల్ ట్యూబ్యూల్ కణాలు, తమ దగ్గరికొచ్చే అదనపు ఉప్పును లాగీలాగీ పెద్దవవుతాయి. మోతాదు ఎంత పెంచినా వాపు దిగదు. అప్పుడు మెటోలజోన్ అనే థయజైడ్ తరహా మందును తోడు చేస్తారు. మొదటి మందు తప్పించిన ఉప్పును రెండోది కూడా అందుకోనివ్వదు కాబట్టి మూత్రం వరదలా వస్తుంది. రెండు నష్టాలూ ఒకేసారి మీద పడతాయి కాబట్టి ఈ జంటను మొదలుపెట్టిన తొలి రోజుల్లో రోజూ ఒకే వేళ బరువు తూచుకోవాలి, పొటాషియం, సోడియం, క్రియాటినిన్ పరీక్షలు రెండు మూడు రోజులకోసారైనా చూడాలి. బరువు రోజుకు కిలో మించి తగ్గుతుంటే మెటోలజోన్‌ను సాధారణంగా ఆపుతారు.