టర్బో అండర్‌బూస్ట్

టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి ఇంజిన్‌కు అందని స్థితిని అండర్‌బూస్ట్ అంటారు. స్కానర్‌లో దీని కోడ్ P0299. పొగ గొట్టంలోకి పోయే వేడి వాయువులు టర్బో చక్రాన్ని తిప్పుతాయి. అది బయటి గాలిని నొక్కి, ఇంటర్‌కూలర్‌లో చల్లబరిచి ఇంజిన్‌లోకి పంపుతుంది. సెన్సర్ చూపే ఒత్తిడి కావలసినదానికంటే కాసేపు తక్కువగానే ఉంటే, కంప్యూటర్ ఇంధనాన్ని తగ్గించి హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. అప్పుడు బండి ఎత్తు ఎక్కలేదు, ఓవర్‌టేక్‌కు ఊపు అందదు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొన్నిసార్లు బలం తిరిగొస్తుంది గానీ, లోపం అలాగే ఉంటుంది.

ఒక డీజిల్ కారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు 220 కిలోపాస్కల్స్ కావాలనుకుందాం. స్కానర్ 150 చూపుతోంది, ఈల వినిపిస్తోంది. పెడల్ వదలగానే ఈల ఆగిపోతే, ముందుగా టర్బోకూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టాన్ని అనుమానించాలి. క్లిప్పు దగ్గర తడిసిన నూనె మరక లీకు చోటును చూపుతుంది. ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు ఒత్తిడి ఉండదు కాబట్టి చీలిక దొరక్కపోవచ్చు. పొగ పంపి వెతకడం మేలు. ఇది చూడకుండా టర్బోనే మార్చడం వృథా ఖర్చు.

సైరన్‌లా పెరిగే కూతతో పాటు నీలి పొగ వస్తే టర్బో బేరింగే అరిగి ఉండవచ్చు. అప్పుడు బండిని వెంటనే ఆపాలి. విరిగిన ముక్కలు, కారిన ఆయిల్ ఇంజిన్‌లోకి చేరే ప్రమాదం ఉంది.