పెదవుల చుట్టూ తిమ్మిర్లు: ఆయాసం ముందా, తిమ్మిరి ముందా?

పరీక్షల రోజుల్లో క్యాజువాలిటీకి తరచూ వచ్చే కేసు ఒకటుంది. పదిహేడు పద్దెనిమిదేళ్ల అమ్మాయిని ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని తీసుకొస్తారు. ఊపిరి గబగబా తీస్తుంటుంది. మూతి చుట్టూ చీమలు పాకుతున్నట్టుందని, వేళ్లు మొద్దుబారిపోయాయని చెబుతుంది. చూస్తుండగానే చేతులు కొంకర్లు పోతాయి. మణికట్టు లోపలికి వంగుతుంది, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుంటుంది, మిగతా నాలుగు వేళ్లూ నిటారుగా బిగుసుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. వెంట వచ్చినవాళ్లలో ఒకరు ఫిట్స్ అంటారు, ఒకరు పక్షవాతం అంటారు. ఇంకొకరు “కాల్షియం తగ్గినట్టుందండీ, ఇంజెక్షన్ వేయండి” అంటారు. డ్యూటీలో ఉన్నవాళ్లు విసుగ్గా “ఏమీ లేదు, టెన్షన్” అనేస్తే, ఇంటికెళ్లాక ఆ పిల్ల నాటకం ఆడిందని మాట పడుతుంది.

అది నాటకం కాదు. వేళ్లు అలా బిగుసుకోవడం కావాలని తెచ్చుకునేది కాదు. కాల్షియం అన్న మాటలోనూ కొంత నిజం ఉంది, కాకపోతే సాధారణ రక్తపరీక్షలో అది కనిపించదు.

మన రక్తంలో ఉండే కాల్షియంలో సుమారు సగం స్వేచ్ఛగా తిరుగుతుంటుంది. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కు అంటుకుని ఉంటుంది. బ్యాంకులో డిపాజిట్ ఎంతున్నా సంతలో పనికొచ్చేది జేబులో ఉన్న డబ్బే కదా. నరాలకూ కండరాలకూ పనికొచ్చేది ఆ స్వేచ్ఛగా ఉన్న భాగమే. దాన్ని అయోనైజ్డ్ కాల్షియం అంటారు. నరాల పైపొరలో సోడియం లోపలికి వెళ్లే సన్నని ద్వారాలుంటాయి. కాల్షియం వాటి దగ్గర ఉండి, చిన్న కదలికకే అవి తెరుచుకోకుండా చూస్తుంది. అది తగ్గితే ద్వారాలు ఊరికే తెరుచుకుంటాయి. ఎవరూ ముట్టుకోకపోయినా నరం తనంతట తాను సంకేతాలు పంపుతుంది. స్పర్శ నరాలు దట్టంగా ఉండే పెదవుల్లో, వేళ్ల కొసల్లో అది ముందుగా తెలుస్తుంది.

భయంతో ఊపిరి గబగబా తీసినప్పుడు ఆక్సిజన్ పెద్దగా పెరగదు, అది అప్పటికే నిండుగా ఉంటుంది. తగ్గేది కార్బన్ డయాక్సైడ్. రక్తంలో మామూలుగా దాని పీడనం 40 ఉంటుంది. కొద్ది నిమిషాలు ఎగశ్వాస తీస్తే 25కి పడిపోవచ్చు. అది తగ్గితే రక్తంలో ఆమ్లగుణం తగ్గి, పీహెచ్ 7.40 నుంచి 7.55 దాకా పోతుంది. అప్పుడు ఆల్బుమిన్ పట్టుకుని ఉన్న హైడ్రోజన్ అయాన్లు విడిపోతాయి, ఖాళీ అయిన ఆ చోట్లలో కాల్షియం వచ్చి కూర్చుంటుంది. అంటే ఒంట్లో కాల్షియం ఒక్క చుక్క కూడా పోలేదు, తిరుగుతున్నది కాస్తా ప్రొటీన్ దగ్గర ఇరుక్కుంది. మొత్తం కాల్షియం పరీక్ష చేస్తే 9.4 అనో 9.6 అనో వస్తుంది. మామూలు హద్దులు సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాములు కాబట్టి రిపోర్టు “నార్మల్”.

ఈ వివరణ చాలాచోట్ల చెప్పేదే అయినా, ఇదే మొత్తం కథ అనుకోకూడదు. పీహెచ్ అంత మారినా స్వేచ్ఛా కాల్షియం తగ్గేది కొద్దిగానే, చాలాసార్లు మామూలు హద్దుల్లోనే ఉంటుంది. ఆమ్లగుణం తగ్గడమే నేరుగా నరాలను చికాకు పెడుతుంది. మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తేలిపోతున్నట్టు అనిపిస్తుంది. ఇవన్నీ కలిసి ఆ తిమ్మిరినీ కొంకర్లనూ తెస్తాయి. ఊపిరి నెమ్మదిస్తే కార్బన్ డయాక్సైడ్ మళ్లీ చేరుకుంటుంది, సాధారణంగా అరగంట లోపే వేళ్లు వదులవుతాయి. ఇంజెక్షన్ అవసరం రాదు.

ఇక రెండో మనిషి సంగతి. ఇలా జరిగే తీరు వైద్యులకు బాగా తెలిసినదే, అర్థమయ్యేందుకు ఒక్కరి కథగా చెబుతాను. నలభై ఏళ్ల ఆవిడకు గాయిటర్ ఉంది, థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. రెండో రోజు ఇంటికి పంపారు. ఆ రాత్రి అన్నం తింటుంటే పెదవుల దగ్గర జివ్వుమంది. వేళ్ల కొసల్లోనూ అదే. ఆమెకు అప్పటికి ఆయాసం లేదు, భయమూ లేదు. గంట గడిచేసరికి తిమ్మిరి అరచేతుల్లోకి పాకింది. అప్పుడు భయపడింది, గుండె దడ మొదలైంది, ఊపిరి గబగబా తీయడం మొదలుపెట్టింది. వెంటనే చేతులు కొంకర్లు పోయాయి. ఆడపడుచు వీపు నిమురుతూ “ఆపరేషన్ అయిందని బెంగ పెట్టుకున్నావు వదినా, నిదానంగా ఊపిరి తీసుకో” అంది. నిదానంగా తీసుకుంటే నిజంగానే వేళ్లు కాస్త వదులయ్యాయి. ఇంకేం, భయమేనని ఇంట్లో అందరూ అనుకున్నారు.

మోసపోయే చోటు ఇదే. ఆమెకు కాల్షియం నిజంగానే తగ్గింది. ఉన్న కొద్దిపాటి స్వేచ్ఛా కాల్షియంలో కొంత ఎగశ్వాస వల్ల ఇరుక్కుపోయి కొంకర్లు వచ్చాయి. ఊపిరి నెమ్మదించగానే ఆ కొంచెమూ తిరిగి వచ్చింది, కొంకర్లు సడలాయి. కానీ పెదవుల దగ్గర తిమ్మిరి పోలేదు. ఊపిరి మామూలుగా ఉన్నా, పడుకున్నా, తెల్లవారాక కూడా అది అలాగే ఉంది. నా దృష్టిలో ఈ రెంటినీ విడదీసే మొదటి ప్రశ్నలు రెండే: ఆయాసం ముందా, తిమ్మిరి ముందా? ఊపిరి సర్దుకున్నాక తిమ్మిరి పూర్తిగా పోయిందా? నెమ్మదిగా ఊపిరి తీస్తే కాస్త తగ్గింది కదా అని కాల్షియం సంగతి కొట్టిపారేయకూడదు.

ఆపరేషన్‌కూ దీనికీ లంకె ఏమిటంటే, థైరాయిడ్ వెనక మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి, ఒక్కొక్కటి బియ్యపు గింజంత. రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే హార్మోన్ తయారుచేసేవి అవే. సర్జన్ ఎంత జాగ్రత్తగా చేసినా వాటికి రక్తప్రసరణ కొన్నాళ్లు దెబ్బతినవచ్చు. కాల్షియం ఒక్కసారిగా పడదు, ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మెల్లగా దిగుతుంది. ఆ పాటికి చాలామంది ఇంటికి చేరి ఉంటారు. అందుకే మెడ ఆపరేషన్ అయిన వారంలో మూతి చుట్టూ తిమ్మిరి వస్తే, మనిషి ఎంత భయస్తుడైనా, కాల్షియం తగ్గిందనే ముందు అనుకోవాలి. మానడానికి వేసిన కుట్లు, గొంతు దగ్గరి మచ్చ చూసైనా అడగాలి. పదేళ్ల కిందటి ఆపరేషన్ మచ్చ అయినా సరే, పారాథైరాయిడ్ లోపం అన్నేళ్ల తర్వాత బయటపడిన సందర్భాలున్నాయి. ఆపరేషన్ లేనివాళ్లలో విటమిన్ డి బాగా తగ్గడం, కిడ్నీ జబ్బు, మెగ్నీషియం లోపం ఎక్కువగా కనిపించే కారణాలు. ఏళ్ల తరబడి ఎసిడిటీ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి ఆ మెగ్నీషియం లోపం వస్తుంది.

మంచం పక్కనే చేసే పాత పరీక్షలు రెండున్నాయి. చెవి ముందు బుగ్గ మీద వేలితో తడితే పెదవి మూల అదురుతుందా అని చూడడం ఒకటి, చ్వోస్టెక్ గుర్తు. ఏ జబ్బూ లేనివాళ్లలోనూ చాలామందికి అది అదురుతుంది కాబట్టి దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. రెండోది ఫ్రాన్స్ వైద్యుడు ట్రూసో పేరు మీదున్నది. బీపీ పట్టీని పై బీపీ కన్నా ఇంకో 20 ఎక్కువకు బిగించి మూడు నిమిషాలు ఉంచితే, కాల్షియం తగ్గినవాళ్లకు ఆ చేయి కొంకర్లు పోతుంది. ఇది చాలా నమ్మకమైనదే. అయితే గబగబా ఊపిరి తీస్తున్న మనిషికి చేస్తే ఇదీ తప్పుదారి పట్టిస్తుంది. ముందు ఊపిరి సర్దుకోనిచ్చి తర్వాతే చూడాలి.

రక్తపరీక్షలోనూ మెలికలున్నాయి. ఆల్బుమిన్ తగ్గితే దానికి అంటుకున్న కాల్షియం తగ్గి, మొత్తం అంకె ఊరికే తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఆల్బుమిన్ 4 గ్రాముల కన్నా ఎంత తక్కువుంటే, ప్రతి గ్రాముకూ 0.8 కలిపి లెక్క వేస్తారు. మన కథలోని ఆవిడకు కాల్షియం 6.8, ఆల్బుమిన్ 3.5 వచ్చాయనుకుందాం. అర గ్రాము తక్కువ కాబట్టి 0.4 కలిపితే 7.2. సవరించినా తక్కువే, కాబట్టి లోపం నిజమైనదే. వీలుంటే అయోనైజ్డ్ కాల్షియం చేయించడం ఇంకా మేలు. ఆ నమూనాకు గాలి తగలకూడదు. తగిలితే అందులోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి, రోగి ఒంట్లో జరిగిందే ట్యూబులోనూ జరిగి, లేని లోపం ఉన్నట్టు చూపిస్తుంది. ఈసీజీ కూడా తీయాలి. కాల్షియం బాగా తగ్గితే క్యూటీ అనే వ్యవధి సాగుతుంది, గుండె లయ తప్పే ప్రమాదాన్ని అది ముందే చెబుతుంది.

ఇంట్లో ఇలా వస్తే కూర్చోబెట్టి, ముక్కుతో నెమ్మదిగా లోపలికి పీల్చి, అంతకన్నా ఎక్కువసేపు బయటికి వదలమనాలి. నోటికి కాగితపు సంచి పెట్టి అందులో ఊపిరి తీయించే పాత పద్ధతి మాత్రం వద్దు. సినిమాల్లో చూసి ఇప్పటికీ కొందరు చేస్తున్నారు. ఆ ఎగశ్వాసకు అసలు కారణం ఆస్తమానో, గుండెపోటో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడమో అయితే, సంచిలో ఆక్సిజన్ అయిపోయి ప్రాణం మీదికొస్తుంది. అలా చనిపోయినవాళ్లున్నారు. షుగర్ ఉన్న మనిషి ఆగకుండా లోతుగా ఊపిరి తీస్తుంటే అదీ భయం కాకపోవచ్చు, షుగర్ బాగా పెరిగి రక్తం ఆమ్లంగా మారి ఉండవచ్చు. మొదటిసారి వచ్చిన ఆయాసాన్ని ఇంట్లోనే టెన్షన్ అని తేల్చేయకూడదు.

తిమ్మిరి ఒకవైపే ఉంటే లెక్క పూర్తిగా మారిపోతుంది. భయం వల్లనైనా కాల్షియం వల్లనైనా సాధారణంగా మూతికి రెండు పక్కలా, రెండు చేతులకూ వస్తుంది. కుడి మూతి, కుడి చేయి మాత్రమే ఒక్కసారిగా మొద్దుబారితే అది మెదడులో స్ట్రోక్ కావచ్చు. అక్కడ ఊపిరి లెక్కపెడుతూ కూర్చునే సమయం లేదు. గొంతు బిగుసుకుని ఊపిరి లాగినప్పుడు ఈల లాంటి చప్పుడొచ్చినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అంతే.

ఆవిడకు ఆసుపత్రిలో ఇచ్చేది 10 శాతం కాల్షియం గ్లూకోనేట్, 10 మిల్లీలీటర్లు డెక్స్‌ట్రోజ్‌లో కలిపి సుమారు పది నిమిషాలు పట్టేలా, ఈసీజీ చూస్తూ. గబుక్కున ఎక్కిస్తే గుండె వేగం పడిపోతుంది, నరం బయటికి కారితే చర్మం చచ్చిపోతుంది. అందుకే ఊళ్లో మంచం మీద పడుకోబెట్టి ఆ సూది వేయించుకోవడం మంచిది కాదు. తర్వాత కొన్ని వారాలు కాల్షియం మాత్రలు, కాల్సిట్రియాల్ అనే విటమిన్ డి రూపం వాడతారు. కాల్షియం కార్బొనేట్ అయితే భోజనంతోనే వేసుకోవాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అది కరుగుతుంది. ఇన్ని ఇచ్చినా అంకె పైకి రాకపోతే మెగ్నీషియం పరీక్ష చేయించాలి. అది తక్కువగా ఉంటే పారాథైరాయిడ్ హార్మోన్ సరిగా విడుదల కాదు, విడుదలైనదీ సరిగా పనిచేయదు. మెగ్నీషియం సరిచేసేదాకా ఎన్ని సూదులు వేసినా తిమ్మిరి మళ్లీ వస్తూనే ఉంటుంది.