జ్వరం ఒకటే, మందు ఒకటి కాదు

గ్రామసభ ముగియవచ్చిన వేళ, ఒడిలో రెండేళ్ల పిల్లవానితో ఒక తల్లి ఆశా కార్యకర్తను ఇట్లా అడిగింది: "పోయిన నెల పెద్దపిల్లకు జ్వరం వస్తే యాంటీబయాటిక్ మాత్రలు వేశాను. మూడోనాటికి తగ్గింది. రెండు మిగిలాయి. ఇప్పుడు వీడికి జ్వరం, దగ్గు. అవే వేయనా, అక్కా?"

"వేయకమ్మా. అప్పుడు పెద్దపిల్లకు ఏమేమి ఉన్నాయి?"

"ముక్కు కారింది, తుమ్ములు వచ్చాయి."

"అది జలుబు. జలుబు వైరస్‌ల వల్ల వస్తుంది. ఆ జ్వరం సాధారణంగా రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. మనం కాకి పడగొట్టిందనుకొన్నాం."

యాంటీబయాటిక్ వైరస్‌ను ఎందుకు చంపలేదు? బాక్టీరియా ఒక జీవకణం. దాని చుట్టూ గోడ ఉంటుంది. పెన్సిలిన్ జాతి మందులు ఆ గోడ కట్టుబడిని అడ్డగిస్తాయి. గోడ బలహీనపడి కణం పగిలిపోతుంది. వైరస్‌కు అటువంటి గోడ లేదు. అది మన కణాలలోనే చేరి పెరుగుతుంది. గోడే లేని చోట గోడను కూల్చే మందుకు పనిలేదు.

అయితే మందు ఊరకే పోదు. మన పేగులలో మేలుచేసే బాక్టీరియా కూడా కోట్ల కొలది ఉంటాయి. మందుకు లొంగేవి చస్తాయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. ఆ లొంగని గుణాన్ని అవి రోగకారక బాక్టీరియాకు కూడా అందించగలవు. అప్పుడు నిజంగా అవసరమైన నాడు మందు పనిచేయకపోవచ్చు. చాలీచాలని మోతాదు వల్ల ఈ ప్రమాదం కలుగుతుందని పెన్సిలిన్‌ను కనుగొన్న ఫ్లెమింగ్ 1945 లోనే హెచ్చరించాడు.

"మరి వీడికి?" అన్నది తల్లి.

పిల్లవాడు ఏడుపు మానిందాకా కార్యకర్త ఆగింది. తరువాత చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, నిండు నిమిషంసేపు ఊపిరులు లెక్కపెట్టింది. 52 వచ్చాయి. ఏడాది నుంచి అయిదేళ్లలోపు పిల్లలకు నిమిషానికి 40 గాని, అంతకు మించి గాని ఉంటే అది వేగమైన ఊపిరి. రెండు నెలలు నిండి ఏడాది నిండని వారికి ఆ హద్దు 50.

"ఇది న్యుమోనియా కావచ్చు. ఇప్పుడే ఆరోగ్య కేంద్రానికి పోదాం. ఊపిరి పీల్చేటప్పుడు డొక్కలు లోపలికి పోతే మరీ ప్రమాదం" అన్నది.

వేగమైన ఊపిరి ఒక్కటే రుజువు కాదు. జ్వర తీవ్రత వల్ల కూడా ఊపిరి కొంత పెరుగుతుంది. అందుకే వైద్యుడు పరీక్షించి నిర్ణయించాలి. ఆయన ఈ పిల్లవాణ్ణి చూచి, బరువును బట్టి అమాక్సిసిలిన్ అయిదు రోజులకు ఇచ్చాడు. అక్క మిగిల్చిన రెండు మాత్రలు ఆ మందూ కావు, ఆ మోతాదూ కావు. అక్కకు అక్కరలేని యాంటీబయాటిక్ తమ్మునికి కావలసి వచ్చింది. ఆ తేడాను తెలిపింది జ్వరం కాదు, ఒక్క నిమిషపు లెక్క.