తాళం పగలగొట్టకండి, తాళంచెవి ఇవ్వండి

లోన్ పోర్టల్‌లో పాన్, ఆధార్, జీతం వివరాలు నింపే వరకూ పని చకచకా సాగిపోతుంది. ‘గత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ అప్‌లోడ్ చేయండి’ అన్న చోట చాలామంది ఆగిపోతారు. బ్యాంకు ఇచ్చిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ కొడితే తప్ప తెరుచుకోదు. ఆ పాస్‌వర్డ్ తీసేసి పంపాలా, ఉన్నదాన్ని ఉన్నట్టే పంపాలా? పోర్టల్‌లో పాస్‌వర్డ్ అడిగే గడి ఉంటే ఉన్నట్టే పంపడమే మంచిది. ఫైలు ఎంచుకోగానే దాని కిందనే ఆ గడి కనిపిస్తుంది.

చాలా పోర్టళ్లలో ఆ ఫైలును మొదట చదివేది మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. తేదీ, లావాదేవీ వివరం, జమ, ఖర్చు, నిల్వ అన్నీ వరుసవారీగా తీసుకుంటుంది. జీతం ఏ తేదీన పడుతోంది, ఏ ఈఎంఐలు పోతున్నాయి, చెక్కు బౌన్స్ అయిందా అని చూస్తుంది. నిన్నటి నిల్వకు నేటి జమ కలిపి, ఖర్చు తీసేస్తే నేటి నిల్వ సరిపోతోందా అని లెక్క కట్టుకుంటుంది. ఆ పీడీఎఫ్ ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారైంది, తర్వాత మార్చారా అన్న సమాచారం కూడా ఫైలు లోపలే ఉంటుంది. మనం ఫైలు తెరిచి, ప్రింట్‌లోకి వెళ్లి ‘Save as PDF’ నొక్కితే పాస్‌వర్డ్ పోతుంది కానీ, బ్యాంకు గుర్తుల స్థానంలో మన బ్రౌజర్ గుర్తులు వచ్చి చేరతాయి. అంకె ఒక్కటీ మారకపోయినా ‘ఇది అసలు ఫైలేనా’ అన్న అనుమానానికి చోటిచ్చినట్టవుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వరంగల్‌లో ఒక ప్రైవేటు స్కూలు టీచరు నవంబరు 12న లోన్‌కు దరఖాస్తు చేస్తున్నారు. మెయిల్‌లో మే నుంచి అక్టోబరు దాకా ఆరు ఫైళ్లు ఉన్నాయి. వాటిని ఒకటిగా కలిపే తంటా పడకుండా ఆమె నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి, మే 1 నుంచి నవంబరు 11 వరకు తేదీలిచ్చి ఒకే పీడీఎఫ్ తీసుకున్నారు. నవంబరు జీతం పడిన వరుస కూడా అందులోకి వచ్చేసింది. ఆమె బ్యాంకులో పాస్‌వర్డ్ అంటే రిజిస్టర్ అయిన మొబైల్ నంబరులోని చివరి అయిదు అంకెలు, ఆపై పుట్టిన తేదీ DDMMYY వరుసలో. నంబరు 43210తో ముగిసి, పుట్టింది 1989 ఆగస్టు 7న అయితే `43210070889` అవుతుంది. ముందు తన ఫోన్‌లోనే ఈ పాస్‌వర్డ్‌తో ఫైలు తెరిచి చూసుకుని, తర్వాత అదే పోర్టల్ గడిలో కొట్టారు.

ఈ పద్ధతి బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని కస్టమర్ ఐడీ పెడతాయి, కొన్ని పేరులోని మొదటి నాలుగు అక్షరాలకు పుట్టిన తేదీ, నెల కలుపుతాయి. స్టేట్‌మెంట్ వచ్చిన మెయిల్‌లోనే ఆ సంగతి రాసి ఉంటుంది. పాస్‌వర్డ్ తప్పని వస్తే ముందు మూడు చూసుకోండి. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని దానంతటదే పెద్దక్షరం చేసిందా? కాపీ చేసినప్పుడు చివర ఖాళీ చేరిందా? బ్యాంకులో ఇంకా పాత మొబైల్ నంబరే ఉందా?

పాస్‌వర్డ్ సరైనదే అయినా ‘ఫైలు చదవలేకపోతున్నాం’ అని వస్తే అది వేరే సమస్య. ఫైలు తెరిచి ఒక వరుస మీద వేలు నొక్కిపట్టండి. అక్షరాలు ఎంపిక కాకపోతే అది ఫోటో లాంటి పీడీఎఫ్. పాస్‌బుక్‌ను స్కాన్ చేసినా అలాగే ఉంటుంది. మళ్లీ బ్యాంకు నుంచే నేరుగా డౌన్‌లోడ్ చేసుకోవాలి.

పాస్‌వర్డ్ గడే లేని పోర్టల్ అయితే, పాస్‌వర్డ్ లేకుండా స్టేట్‌మెంట్ ఇచ్చే వీలు మీ నెట్ బ్యాంకింగ్‌లో ఉందేమో చూడండి. లేదంటే ఆ సంస్థ కస్టమర్ కేర్‌ను అడగండి. కంప్యూటర్ అలవాటున్నవారికి qpdf అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. అది పేజీలను మళ్లీ ప్రింట్ చేయకుండా, అక్షరాలను అలాగే ఉంచి పాస్‌వర్డ్ మాత్రమే తీస్తుంది. అయితే ఫైలు మారినట్టే లెక్క కాబట్టి అసలు ఫైలును కూడా దాచుకోండి.

```
qpdf --password=43210070889 --decrypt asalu.pdf kotha.pdf
```

‘ఉచితంగా పాస్‌వర్డ్ తీస్తాం’ అనే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోవద్దు. మీ పేరు, చిరునామా, ఖాతా నంబరు, ఆరు నెలల లావాదేవీలు ముక్కూమొహం తెలియని సర్వరుకు చేరిపోతాయి.

పీడీఎఫ్ గొడవే లేని దారి కూడా ఉంది. రిజర్వు బ్యాంకు అనుమతి పొందిన అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా, మీ సమ్మతితో స్టేట్‌మెంట్ బ్యాంకు నుంచి నేరుగా లోన్ సంస్థకు వెళ్తుంది. పోర్టల్‌లో ఆ ఎంపిక, అందులో మీ బ్యాంకు ఉంటే అదే వాడండి.

ఏ దారిలో వెళ్లినా ఒక్కటి గుర్తుంచుకోండి. పోర్టల్‌కు కావలసింది పీడీఎఫ్ తెరిచే పాస్‌వర్డ్ మాత్రమే. స్టేట్‌మెంట్ చదవడానికంటూ ఎవరైనా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డో, ఏటీఎం పిన్నో అడిగితే ఇవ్వకండి, ఆ దరఖాస్తును అక్కడే వదిలేయండి.