బేసి పడితే బయలుదేరిన చోటికి రాలేం

ప్రష్యాలోని కోనిగ్స్‌బెర్గ్ పట్టణాన్ని ప్రెగెల్ నది పాయలుగా చీల్చేది. అటొక గట్టు, ఇటొక గట్టు, నడుమ రెండు లంకలు, వీటిని కలుపుతూ ఏడు వంతెనలు. ఒక్కో వంతెననూ ఒక్కసారే దాటుతూ ఏడింటినీ చుట్టి రాగలమా అన్నది ఆ ఊళ్లో నలిగిన పొడుపు ప్రశ్న. 1735లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ ముందు లియోనార్డ్ ఆయిలర్ దానికి జవాబు చెప్పాడు. సాధ్యం కాదు.

ఆయన దారులన్నీ నడిచి చూడలేదు, కాగితం మీద వేసి చూడనూ లేదు. ఏ నేలను ఎన్ని వంతెనలు తాకుతున్నాయో లెక్కపెట్టాడంతే. క్నైప్‌హోఫ్ అనే లంకకు 5, మిగిలిన మూడు నేలలకు తలా 3. నేలను చుక్కగా, వంతెనను గీతగా వేసి చూడటం తర్వాతివాళ్లు చేసిన పని. చుక్కను తాకే గీతల సంఖ్యను ఇప్పుడు దాని డిగ్రీ అంటున్నారు.

డిగ్రీ చూస్తే చాలని ఎలా అంటాం? దారిలో ఒక చుక్కకు వచ్చామంటే ఒక గీత మీద వస్తాం, ఇంకో గీత మీద వెళ్తాం. ఎన్నిసార్లు వచ్చినా గీతలు జతలు జతలుగానే ఖర్చవుతాయి. బయలుదేరిన చుక్క దగ్గర కూడా అంతే: మొదట వెళ్లిన గీతకు, చివర తిరిగొచ్చిన గీత జత. కాబట్టి అన్ని గీతల మీదా ఒక్కొక్కసారే నడిచి మొదటి చోటికి చేరాలంటే ప్రతి డిగ్రీ సరిసంఖ్యే కావాలి. ఒక్క బేసి కనబడినా వెతుకులాట ఆపేయొచ్చు. కోనిగ్స్‌బెర్గ్‌లో నాలుగూ బేసులే.

ఇది సులువైన సగం. అసలు ఆశ్చర్యం రెండో సగంలో ఉంది: అన్నీ సరిసంఖ్యలైతే దారి ఉండి తీరుతుందా? ఉంటుందని ఆయిలర్ చెప్పాడు గానీ నిరూపించలేదు. ఆ రుజువు అచ్చయింది 1873లో. కార్ల్ హీర్‌హోల్జర్ దాన్ని కనిపెట్టి, రాసిపెట్టకుండానే 1871లో చనిపోతే సహచరులు గుర్తు తెచ్చుకుని రాశారు.

మన వాకిళ్లలో వేసే ఆరు కోణాల నక్షత్రం ముగ్గు మీద ఆ రుజువును నడిపించి చూద్దాం. పైకి చూసే త్రిభుజం ఒకటి, కిందికి చూసే త్రిభుజం ఒకటి. బయటి ఆరు మొనల దగ్గర డిగ్రీ 2. రెండు త్రిభుజాలు కోసుకునే ఆరు చోట్ల డిగ్రీ 4. అన్నీ సరే. ఒక మొన నుంచి తిన్నగా గీస్తూ పోతే మొదటి త్రిభుజం పూర్తయి, బయలుదేరిన చోటే ఆగిపోతాం. మరెక్కడా చిక్కుపడం, ఎందుకంటే డిగ్రీ సరిసంఖ్య అయిన చుక్కలోకి ఒక గీత మీద వస్తే బయటికి పోయే గీత ఇంకొకటి మిగిలే ఉంటుంది. ఇప్పుడు రెండో త్రిభుజం మొత్తం మిగిలిపోయింది. దారిలో తగిలిన ఏదో ఒక కూడలిని తీసుకోండి. మళ్లీ మొదటినుంచి గీస్తూ ఆ కూడలికి రాగానే పక్కకు తిరిగి, రెండో త్రిభుజం మొత్తం చుట్టి అక్కడికే వచ్చి, ఆపిన చోటునుంచి మొదటి త్రిభుజం పూర్తి చెయ్యండి. 18 ముక్కలూ ఒకే గీతలో వచ్చేస్తాయి. ఎంత పెద్ద బొమ్మకైనా పద్ధతి ఇదే. ఒక చుట్టు తీసేశాక మిగిలిన డిగ్రీలు కూడా సరిసంఖ్యలే గనుక మరో చుట్టు దొరుకుతుంది, దాన్ని మొదటిదానికి అతికించాలి.

అతికించడానికి ఉమ్మడి చుక్క ఉండాలి. జనం పొరబడేది ఇక్కడే. ఆ నక్షత్రాన్నే రోడ్ల పటమనుకోండి. కోసుకునే ప్రతిచోటా కూడలి కాకుండా ఫ్లైఓవర్ ఉంటే అవి ఆరు చుక్కలు కావు. రెండు విడి త్రిభుజాలు మాత్రమే మిగులుతాయి. డిగ్రీలన్నీ 2, అయినా దారి లేదు. గీతలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా లేదా అన్నది విడిగా చూసుకోవాల్సిందే, డిగ్రీలు ఆ సంగతి చెప్పవు.

బేసి చుక్కలు సరిగ్గా రెండే ఉంటే ఒకదాని దగ్గర మొదలుపెట్టి రెండోదాని దగ్గర ముగించవచ్చు, మొదటికి మాత్రం రాలేం. బేసి చుక్క ఒంటరిగా ఎన్నడూ ఉండదు. ప్రతి గీతకూ రెండు కొసలున్నాయి కాబట్టి డిగ్రీల మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే.

కోనిగ్స్‌బెర్గ్ ఇప్పుడు రష్యాలోని కలినిన్‌గ్రాడ్. రెండో ప్రపంచయుద్ధపు బాంబుదాడుల్లో క్నైప్‌హోఫ్‌ను గట్లతో కలిపే వంతెనలు రెండు పోయాయి. పాత ఏడింటి చోట్లలో ఐదు వంతెనలు మిగిలాయి. గట్లకు తలా 2, లంకలకు తలా 3. ఒక లంకలో బయలుదేరి రెండో లంకలో ముగిసేలా ఐదూ ఒక్కొక్కసారే దాటొచ్చు. బయలుదేరిన చోటికే రావాలంటే ఆ రెండు లంకలనూ కలిపే హనీ బ్రిడ్జ్‌ను రెండోసారి దాటాలి. ఆయిలర్ నాటి ఏడు వంతెనలకైతే నాలుగు బేసులను రెండు జతలు కట్టాలి గనుక రెండు వంతెనలను మళ్లీ దాటక తప్పదు. మొత్తం తొమ్మిది దాటింపులు, అంతకు తక్కువలో పని జరగదు.